ప్రపోర్షనేట్ డిడక్షన్ మందులకీ ఇంప్లాంట్‌కీ కూడా వేశారా? సెటిల్‌మెంట్ లెటర్ ఇలా చదవండి

ప్రశ్న: మాది రాయగడ. నాన్నకి 66 ఏళ్లు, జారిపడి తొడ ఎముక విరిగితే వైజాగ్‌లో ఆపరేషన్ చేయించాం. 3 లక్షల పాలసీ. బిల్లు 2 లక్షలు నేనే కట్టి రీయింబర్స్‌మెంట్ పెట్టాను. ఖాతాలో 92,160 పడింది. లెటర్‌లో నాన్-పేయబుల్ 8,000, ప్రపోర్షనేట్ డిడక్షన్ 76,800, కో-పే 23,040 అని ఉంది. ఏజెంట్‌ని అడిగితే "రూమ్ పెద్దది తీసుకున్నారు కదా, అంతే" అంటున్నాడు. లెటర్, బిల్లు, పాలసీ ఫోటోలు పెట్టాను. సగం కంటే ఎక్కువ ఎలా కోస్తారు సార్? ఏమైనా చేయొచ్చా?

జవాబు:

చేయొచ్చు. మీ ఏజెంట్ చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది, కొంత లేదు. మీరు పెట్టిన కాగితాలు చూస్తే ఇంకా 29 వేల పైచిలుకు మీకు రావాలి. ఆసుపత్రి నుంచి ఒక లెటర్ సంపాదించగలిగితే అది 53 వేల దాకా వెళ్లే అవకాశం కూడా ఉంది. నేను చాలాకాలం శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో పనిచేశాను, ఇప్పుడు పర్లాకిమిడిలో ఉంటున్నాను. మన వైపు వాళ్లు ఒడిశా అడ్రసుతో పాలసీ తీసుకుని వైద్యానికి ఆంధ్రా వెళ్లడం మామూలే కదా, ఇలాంటి లెటర్లు తరచూ నా దగ్గరికి వస్తుంటాయి.

ముందు లెటర్ మొదటి పేజీ పక్కన పెట్టండి. దాంట్లో మొత్తం అంకెలు తప్ప ఏమీ ఉండదు. మీరు చదవాల్సింది వెనక జతచేసిన పట్టిక. ప్రతి ఖర్చుకీ బిల్లు ఎంత, కోత ఎంత, ఇచ్చింది ఎంత, చివర రిమార్క్స్ అని దాంట్లో గడులుంటాయి. కొందరికి ఈ పట్టిక పంపరు. అలాంటప్పుడు ఐటమ్‌వారీగా కోతల వివరం కావాలని కంపెనీకి ఈమెయిల్ పెట్టి తెప్పించుకోవాలి, అది లేకుండా వాదన మొదలుపెట్టి లాభం లేదు. మీ అదృష్టం, మీకు పంపారు.

కోతలు ఒక వరసలో జరుగుతాయి. మొదట నాన్-పేయబుల్ సామాన్లు, అంటే కంపెనీ డబ్బివ్వనివి, తీసేస్తారు. మిగిలినదాంట్లోంచి రూమ్ పరిమితి వల్ల వచ్చే కోత, అంటే ప్రపోర్షనేట్ డిడక్షన్, తీస్తారు. ఇక మిగిలినదాని మీద కో-పే, అంటే మన వంతుగా భరించాల్సిన శాతం, లెక్కేస్తారు. మీ లెటర్‌లో 2,00,000 నుంచి 8,000 పోతే 1,92,000. దాంట్లోంచి 76,800 పోతే 1,15,200. దానిమీద 20 శాతం 23,040. కూడికలూ తీసివేతలూ సరిగ్గానే ఉన్నాయి. అందుకే చాలామంది లెటర్ చూసి లెక్క కరెక్టే కదా అని ఊరుకుంటారు. తప్పు దేనిమీద కోశారన్న దాంట్లో ఉంది.

కో-పే సంగతి త్వరగా తేల్చేద్దాం. మీ పాలసీ షెడ్యూల్‌లో "60 దాటాక చేరినవారికి 20 శాతం" అని స్పష్టంగా ఉంది, నాన్నగారు పాలసీలో చేరింది 62వ ఏట. కాబట్టి దానిమీద గొడవ పడకండి. అయితే మన ప్రాంతం వాళ్లు ఇంకో కో-పే కూడా ఉందేమో చూసుకోవాలి. కొన్ని పాలసీల్లో ఊళ్లని జోన్లుగా విడగొడతారు. తక్కువ ప్రీమియం జోన్‌లో పాలసీ తీసుకుని పెద్ద నగరంలో వైద్యం చేయించుకుంటే అదనంగా కొంత శాతం మనమే భరించాలని రాసి ఉంటుంది. మీ పాలసీలో అలాంటిది లేదు, లెటర్‌లో వేయలేదు కూడా. ఇంకెవరి లెటర్‌లోనైనా అది కనిపిస్తే ముందు షెడ్యూల్‌లో ఆ మాట ఉందో లేదో చూడాలి. అలాగే కో-పే ఎప్పుడూ మిగతా కోతలు పోగా మిగిలినదాని మీదే పడాలి, మొత్తం బిల్లు మీద కాదు. మీది 2 లక్షల మీద వేసి ఉంటే 40,000 అయ్యేది. ఆ తప్పు చేయలేదు.

నాన్-పేయబుల్ 8,000లో ఏమున్నాయో పట్టికలో రాశారు. గ్లవ్స్, మాస్కులు, డైపర్లు కలిపి 1,900. వాకర్ 1,300. మెడికల్ రికార్డుల జిరాక్సులకి 400. రిజిస్ట్రేషన్ 300, హౌస్‌కీపింగ్ 600. "ఆర్థో కిట్" 3,500. ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇలాంటి సామాన్లకి నాలుగు జాబితాలు పెట్టింది, మీ పాలసీ పుస్తకం చివర అవి ఉన్నాయి. మొదటి జాబితాలో 68 రకాలున్నాయి. ప్రత్యేకంగా కవర్ చేస్తామని పాలసీలో రాస్తే తప్ప వీటికి డబ్బు రాదు. గ్లవ్స్, మాస్కులు, డైపర్లు, వాకర్, రికార్డుల ఛార్జీ అన్నీ ఇందులోవే. మిగతా మూడు జాబితాల్లోవి రూమ్ ఛార్జీలోనో, ఆపరేషన్ ఖర్చులోనో, వైద్యం ఖర్చులోనో కలిసిపోయి ఉండాల్సినవి. హౌస్‌కీపింగ్, రిజిస్ట్రేషన్ అలాంటివే. అంటే వాటిని విడిగా వేయడం ఆసుపత్రి పని, కంపెనీ ఇవ్వకపోవడంలో తప్పు లేదు. ఆ 900 కోసం ఆసుపత్రిని ఒకసారి అడగండి, లేదంటే వదిలేయండి.

ఆ 3,500 మాత్రం వదలకండి. వివరాలు రాయని కిట్ ఏదైనా మొదటి జాబితాలోకి వెళ్లిపోతుంది, అందుకే తీసేశారు. లోపల ఏమున్నాయో ఆసుపత్రి ఫార్మసీ నుంచి విడివిడిగా రాయించి తీసుకోండి. కుట్లు వేసే దారం, డ్రెయిన్ ట్యూబు లాంటివి ఉంటే వాటిమటుకు మళ్లీ పరిశీలించమని అడగొచ్చు. ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేం కాబట్టి కింద లెక్కలో దీన్ని కలపడం లేదు.

ఇప్పుడు అసలు కోత.

మీ పాలసీలో రూమ్ అద్దె రోజుకి సమ్ ఇన్సూర్డ్‌లో 1 శాతం. 3 లక్షలకి అది 3,000. మీరు తీసుకున్న రూమ్ 5,000, అయిదు రోజులు. రోజుకి 2,000 చొప్పున 10,000 మీరే భరించాలి. ఇంతవరకు అందరికీ అర్థమవుతుంది. అర్థం కానిది, రూమ్ ఎక్కువైతే సర్జన్ ఫీజు ఎందుకు తగ్గిస్తారన్నది. కారణం ఉంది. చాలా కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఒకే ఆపరేషన్‌కి జనరల్ వార్డులో ఒక రేటు, సెమీ ప్రైవేట్‌లో ఒకటి, సింగిల్ రూమ్‌లో ఇంకొకటి ఉంటుంది. రూమ్ స్థాయి పెరిగితే సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, థియేటర్ ఛార్జీ కూడా పెరుగుతాయి. మీ హక్కు 3,000 రూమ్ వరకే కాబట్టి, పెరిగిన ఆ ఖర్చుల్లో కూడా అదే నిష్పత్తిలో ఇస్తామని కంపెనీ అంటుంది. 3,000ని 5,000తో భాగిస్తే 0.6. అంటే నూటికి అరవై. ఇదే ప్రపోర్షనేట్ డిడక్షన్.

కానీ రూమ్‌ని బట్టి రేటు మారని ఖర్చులు కూడా బిల్లులో ఉంటాయి. ఒక యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ధర జనరల్ వార్డులోనూ సింగిల్ రూమ్‌లోనూ ఒకటే, దానిమీద ఎమ్మార్పీ అచ్చేసి ఉంటుంది. తొడలో వేసిన రాడ్డు, స్క్రూలూ అంతే. అందుకే 2020 జూన్‌లో ఐఆర్‌డీఏఐ గీత గీసింది. ఈ నిష్పత్తి కోత "అసోసియేట్ మెడికల్ ఎక్స్‌పెన్సెస్" అనే వాటి మీదే వేయాలి. మందులు, వాడి పారేసే కన్స్యూమబుల్స్ ఖర్చు వాటిలోకి రాదు. ఇంప్లాంట్లు, వైద్య పరికరాల ఖర్చు రాదు. పరీక్షల ఖర్చు రాదు. ఐసీయూ ఛార్జీల మీద కూడా ఈ కోత వేయకూడదు. 2020 అక్టోబర్ నుంచి వచ్చిన కొత్త పాలసీలకి మొదట ఇది వర్తించింది, పాత పాలసీలకి 2021 ఏప్రిల్ తర్వాత రెన్యువల్‌తో వచ్చింది. మీ పాలసీ పుస్తకంలో నిర్వచనాల దగ్గర ఈ పదం కింద అదే మాట ఉంది, మీరు పెట్టిన ఫోటోల్లో కనిపిస్తోంది. మీ వాదన ఆ పేజీ మీదే నిలబెట్టండి. సర్క్యులర్ నంబర్లు వెతుక్కుంటూ కూర్చోవాల్సిన పని లేదు, కంపెనీ తాను రాసిచ్చిన మాటని కాదనలేదు.

ఒక చిన్న గందరగోళం ఇక్కడ వస్తుంటుంది. కన్స్యూమబుల్స్‌కి నిష్పత్తి కోత లేదంటే గ్లవ్స్‌కి డబ్బు వస్తుందని కాదు. మొదటి జాబితాలో ఉన్నవి ఎలాగూ పూర్తిగా పోతాయి. సిరంజిలు, సెలైన్ సెట్ల లాంటి మిగతావి పూర్తిగా లెక్కలోకి రావాలి.

ఇప్పుడు మీ పట్టికకి వద్దాం. రూమ్ 25,000. సర్జన్, మత్తు డాక్టర్, థియేటర్ కలిపి 70,000. డాక్టర్ విజిట్లు 5,000. మందులు, కన్స్యూమబుల్స్ 38,000. ఇంప్లాంట్ 42,000. ఎక్స్‌రేలు, రక్త పరీక్షలు, ఈసీజీ, ఎకో కలిపి 12,000. మందుల వరస చూడండి: బిల్లు 38,000, ఇచ్చింది 22,800. భాగిస్తే 0.6. ఇంప్లాంట్: 42,000కి 25,200. మళ్లీ 0.6. పరీక్షలు: 12,000కి 7,200. అదీ 0.6. సర్జన్ ఫీజుకి ఎంత నిష్పత్తిలో కోశారో, ఎమ్మార్పీ ఉన్న మందుకీ అంతే కోశారు. అంటే బిల్లు మొత్తాన్ని ఒకే అంకెతో గుణించేశారు. ఎవరి లెటర్‌లోనైనా ఈ తప్పు పట్టుకోవడానికి ఇదే సులువైన దారి. మందుల వరసలో ఇచ్చినదాన్ని బిల్లుతో భాగించండి. రూమ్ నిష్పత్తే అక్కడా కనిపిస్తే అడగాల్సిన విషయం ఉన్నట్టే.

సరైన లెక్క ఇలా ఉండాలి. రూమ్‌కి 15,000. సర్జన్ వగైరా, విజిట్లు కలిపి 75,000లో అరవై శాతం 45,000. మందులు, ఇంప్లాంట్, పరీక్షలు కలిపి 92,000 పూర్తిగా. మొత్తం 1,52,000. దానిమీద 20 శాతం కో-పే 30,400 పోతే మీకు రావాల్సింది 1,21,600. వచ్చింది 92,160. తేడా 29,440.

ఇక్కడ మీ కో-పే 23,040 నుంచి 30,400కి పెరిగింది, గమనించండి. తప్పుగా కోసింది 36,800 కదా అని అంతా అడిగేస్తుంటారు. లెక్కలోకి వచ్చే మొత్తం పెరిగితే దానిమీద కో-పే కూడా పెరుగుతుంది. 29,440 అనే అడగండి. అంకె సరిగ్గా ఉంటే అవతల చూసేవాడికి మీ లెక్క తిప్పి పంపడానికి సాకు దొరకదు.

ఆసుపత్రి లెటర్ గురించి చెప్పాను కదా. అదే 2020 నియమంలో ఇంకో మాట ఉంది. రూమ్‌ని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రిలో, లేదా రూమ్‌ని బట్టి మారని ఖర్చుల మీద, ఈ నిష్పత్తి కోత వేయకూడదు. వైజాగ్ పెద్ద ఆసుపత్రుల్లో రేట్లు మారడమే ఎక్కువ. కానీ చిన్న ఆర్థోపెడిక్ నర్సింగ్‌హోమ్‌ల్లో, మన బరంపురం, జయపురం వైపు కూడా, సర్జన్ ఒకటే ఫీజు తీసుకుంటాడు, రూమ్ అద్దె మాత్రమే మారుతుంది. మీది ఏ రకమో బిల్లు చూసి చెప్పలేం. బిల్లింగ్ కౌంటర్‌లో రూమ్‌వారీ టారిఫ్ కాగితం అడగండి. సర్జన్ ఫీజు, థియేటర్ ఛార్జీ అన్ని రూమ్‌లకీ ఒకటే అయితే, ఆ మాట లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం, స్టాంపు వేసి ఇమ్మనండి. అడ్మిషన్ తేదీ నాటికి అవే రేట్లు ఉన్నాయని కూడా దాంట్లో ఉండాలి. అది దొరికితే 75,000 పూర్తిగా లెక్కలోకి వస్తుంది. అప్పుడు మొత్తం 1,82,000, కో-పే 36,400, మీకు రావాల్సింది 1,45,600. అంటే ఇంకో 53,440. రేట్లు మారేవే అయితే ఈ లెటర్ కోసం ఒత్తిడి చేయకండి. కంపెనీ వాళ్లు ఆసుపత్రి నుంచి టారిఫ్ తెప్పించుకుంటే మీ మిగతా వాదన కూడా పలచబడుతుంది.

రూమ్ పరిమితి విషయంలో ఇంకొకటి చూసుకోవాలి. మీ పాలసీలో "రూమ్, బోర్డింగ్, నర్సింగ్ కలిపి 1 శాతం" అని ఉంది, మీ ఆసుపత్రి కూడా నర్సింగ్ కలిపే 5,000 వేసింది, కాబట్టి 0.6 సరైనదే. కొన్ని పాలసీల్లో పరిమితి రూమ్ అద్దెకి మాత్రమే ఉంటుంది. అలాంటిచోట ఆసుపత్రి నర్సింగ్‌ని రూమ్‌లో కలిపేస్తే నిష్పత్తి అన్యాయంగా తగ్గిపోతుంది. రూమ్ 4,000, నర్సింగ్ 1,000 అని విడగొట్టి రాయించగలిగితే 0.6 కాస్తా 0.75 అవుతుంది. మీకు ఇది పనికిరాదు గానీ ఇదే చదువుతున్న ఇంకొకరికి పనికిరావొచ్చు.

ఇక ఎక్కడ అడగాలి. కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే టీపీఏ కాల్ సెంటర్‌కి ఫోన్లు చేసి టైమ్ పోగొట్టుకోకండి. లెక్క చేసేది వాళ్లే అయినా నిర్ణయం కంపెనీది. మీ పాలసీ పుస్తకంలో గ్రీవెన్స్ రిడ్రెసల్ ఆఫీసర్ ఈమెయిల్ ఉంది, దానికి రాయండి. పొడుగాటి ఉత్తరం వద్దు. క్లెయిమ్ నంబర్, పాలసీలో ఆ నిర్వచనం ఉన్న పేజీ నంబర్, మందులు, ఇంప్లాంట్, పరీక్షల మీద వేసిన కోత 36,800 అని, దాన్ని సరిచేస్తే రావాల్సిన అదనం 29,440 అని, నేను పైన వేసిన లెక్క నాలుగు వరసల్లో పెట్టండి. జతగా సెటిల్‌మెంట్ లెటర్ పట్టికతో సహా, పాలసీ షెడ్యూల్, విడివిడిగా ఉన్న ఫైనల్ బిల్లు, ఫార్మసీ బిల్లులు, ఇంప్లాంట్ ఇన్‌వాయిస్ స్టిక్కర్‌తో పంపండి. ఆర్థో కిట్ వివరం, టారిఫ్ లెటర్ దొరికితే అవీ పెట్టండి. అయితే వాటికోసం వారాల తరబడి ఆగకండి, తర్వాత పంపినా ఫరవాలేదు. డబ్బు ఖాతాలో పడింది కదా, ఇక అడగకూడదేమో అని టెన్షన్ పడకండి. ఇచ్చింది తీసుకున్నంత మాత్రాన మిగతాది అడిగే హక్కు పోదు.

అదే ఫిర్యాదుని ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో కూడా నమోదు చేయండి, 155255కి ఫోన్ చేసినా నమోదు చేసుకుంటారు. అక్కడ నమోదైతే మీ ఫిర్యాదుకి ఒక టోకెన్ నంబర్ ఉంటుంది, కంపెనీ లోపల ఎవరో ఒకరు జవాబు రాయక తప్పదు. లెక్క ఇంత తేటగా ఉన్న కేసుల్లో చాలావరకు ఈ దశలోనే మందులు, ఇంప్లాంట్ కోత వెనక్కి ఇవ్వడం నేను చూశాను.

నెల గడిచినా జవాబు రాకపోతే, లేదా కాదని రాస్తే, ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఇక్కడ మనవాళ్లు తరచూ తప్పు ఆఫీసుకి పంపుతారు. వైద్యం వైజాగ్‌లో జరిగింది కదా అని హైదరాబాద్‌కి పంపకండి. మీరు ఉండేది రాయగడ కాబట్టి మీది భువనేశ్వర్ ఆఫీసు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో వేయొచ్చు, 2021 సవరణ తర్వాత విచారణ వీడియోలో జరిపే వీలు కూడా ఉంది, రాయగడ నుంచి అంత దూరం వెళ్లనక్కర్లేదు. కంపెనీ కాదన్న తేదీ నుంచి ఏడాదిలోపు వేయాలి, ఈలోగా అదే విషయం మీద కన్స్యూమర్ కోర్టులో కేసు వేసి ఉండకూడదు.

డిశ్చార్జ్ తర్వాత ఫిజియోథెరపీ, మందులు, చెకప్ ఎక్స్‌రేల బిల్లులు పెట్టారా? మీ ఫోటోల్లో అవి కనిపించలేదు. మీ పాలసీలో డిశ్చార్జ్ అయ్యాక 60 రోజుల ఖర్చు ఉంది. దానికి విడిగా క్లెయిమ్ పెట్టాలి, డాక్టర్ రాసిచ్చిన చీటీ, బిల్లు రెండూ ఉండాలి. ఆ మందుల మీద, ఎక్స్‌రేల మీద కూడా నిష్పత్తి కోత పడకూడదు, కో-పే మాత్రం పడుతుంది. గడువు ఇంకా ఉంటే గ్రీవెన్స్ జవాబు కోసం ఎదురుచూడకుండా ఆ బిల్లులు ఈ వారమే పంపేయండి.